ఈ పోస్టుకు జీతం ఎవరి డబ్బు, ఏ నెల దాకా? అనంతపురం వైపు ఎన్జీవో ఉద్యోగం వెతికే పద్ధతి

అనంతపురంలో ఎమ్మెస్‌డబ్ల్యూ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు ఎక్కువగా అడిగేది "ఆ సంస్థ మంచిదేనా సార్?" అని. ఇంట్లో వాళ్లయితే "పెద్ద సంస్థేనా, మూతపడదు కదా?" అంటారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే, కానీ వాటికి వచ్చే జవాబుతో మీ ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. నలభై ఏళ్ల నుంచి నడుస్తున్న సంస్థలో కూడా మీరు చేరే పోస్టు పదకొండు నెలల ప్రాజెక్టుది కావచ్చు. ఊరూ పేరూ లేని చిన్న సంస్థలో పోస్టు నాలుగేళ్లు నిలవొచ్చు. సంస్థ నిలకడ ఒకటి, కుర్చీ నిలకడ ఇంకొకటి. మనం వెతకాల్సింది రెండోది.

కాబట్టి ప్రకటన చూడగానే సంస్థ ఆశయం నచ్చిందా లేదా అని మొదలుపెట్టొద్దు. ముందు డబ్బు ఎక్కడిదో, తర్వాత జీతం చేతికి ఎంత వస్తుందో, ఆ తర్వాతే ఆశయం చూడాలి. ఆశయం చివర్లో పెట్టడం కొందరికి నచ్చదు. కానీ ముందే ఆశయంతో ప్రేమలో పడినవాళ్లు మిగతా రెండు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం వల్లే మన జిల్లాలో చాలామంది మూడేళ్లలో మూడు సంస్థలు మారుతున్నారు.

మొదటి అడుగు: ప్రకటనను డబ్బును బట్టి విడదీయండి

అనంతపురం, సత్యసాయి, కర్నూలు, కడప జిల్లాల్లో వచ్చే ఎన్జీవో పోస్టులకు జీతం దాదాపుగా నాలుగు దారుల్లో వస్తుంది: విదేశీ విరాళాలు, కంపెనీల సీఎస్ఆర్, ప్రభుత్వ పథకాలు, సంస్థ సొంత సంపాదన. ప్రతి దారీ ఆగిపోయే తీరు వేరు. ప్రకటనలో ఉన్న ఒకటి రెండు మాటలతోనే ఏ దారో చాలావరకు పట్టుకోవచ్చు. "సీఎస్ఆర్ ఇనిషియేటివ్", "మిషన్ వాత్సల్య", "నాబార్డ్ వాటర్‌షెడ్", "స్పాన్సర్‌షిప్" లాంటి మాటలు కనిపిస్తే అక్కడ గీత గీసుకోండి.

విదేశీ డబ్బు తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఐదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. రెన్యువల్ కాకపోతే కొత్త డబ్బు తీసుకోవడానికి వీల్లేదు, బ్యాంకులో ఉన్న విదేశీ డబ్బును కూడా కదపడానికి లేదు. అంటే ఈ దారిలో డబ్బు నెమ్మదిగా తగ్గదు, ఒక్కరోజులో ఆగుతుంది. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీకి కూడా 2025లో రెన్యువల్ చిక్కు వచ్చింది. జనం రోడ్లెక్కి ర్యాలీలు తీశారు. అంత వేళ్లూనిన సంస్థకే ఆ పరిస్థితి వచ్చాక చిన్నవాటి సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి విదేశీ నిధులున్న సంస్థలో చేరేముందు వాళ్ల రిజిస్ట్రేషన్ ఏ తేదీ వరకు ఉందో తెలుసుకోండి. గడువు ఇంకో ఆరు నెలల్లోనే ఉంటే ఆ ఒక్క విషయం మీ నిర్ణయాన్ని మార్చాలి.

దీనిలోనే ఇంకో మెలిక ఉంది. 2020 సవరణ తర్వాత విదేశీ డబ్బులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు ఇది 50 శాతం. ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం లాంటివి పని ఖర్చు కిందికి వస్తాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది తక్కువ. అకౌంట్స్, హెచ్‌ఆర్, ఆఫీసు మేనేజ్‌మెంట్ పోస్టులు మాత్రం ఈ 20 శాతంలోనే ఇరుక్కోవాలి. మీరు కామర్స్ చదివి ఎన్జీవోలో అకౌంటెంటుగా చేరాలనుకుంటే, కోత పెట్టాల్సి వచ్చినప్పుడు మొదట చూసే పోస్టుల్లో మీదీ ఉంటుంది. అదే సవరణతో, విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు పంచి ఇవ్వడం కూడా నిషేధం అయింది. పెద్ద సంస్థ నుంచి డబ్బు తీసుకుని ఒకటి రెండు మండలాల్లో పనిచేసే చిన్న భాగస్వామి సంస్థల మోడల్ ఆ దెబ్బతో పోయింది. "మాకు ఫలానా పెద్ద సంస్థ నుంచి ఫారిన్ ఫండ్స్ వస్తాయి" అని ఎవరైనా చిన్న సంస్థవాళ్లు ఇప్పటికీ అంటే, కాగితం చూపించమని అడగండి.

సీఎస్ఆర్ సంగతి వేరు. పెద్ద కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి పనికొచ్చే పనులకు ఖర్చుపెట్టాలని చట్టం ఉంది కాబట్టి డబ్బు ఎక్కడో ఒకచోట ఖర్చవుతూనే ఉంటుంది. కానీ మీ సంస్థకే రావాలని లేదు. "ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు" అంటే మొదలైన ఆర్థిక సంవత్సరం కాకుండా ఇంకో మూడేళ్లు మించకూడదు. చాలా కంపెనీలు ఒప్పందం ఏడాదికే రాసి, మార్చి తర్వాత మళ్లీ చూద్దామంటాయి. అందుకే సీఎస్ఆర్ పోస్టులో చేరేటప్పుడు ప్రాజెక్టు ఎన్నో ఏడాదిలో ఉందో అడగడం తప్పనిసరి. మొదటి ఏడాదిలో చేరినవాడికి, మూడో ఏడాది మధ్యలో చేరినవాడికి ప్రకటన ఒకటే కనిపిస్తుంది. ఉద్యోగం ఒకటి కాదు. కడప, వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో ఉంది కాబట్టి కంపెనీల చూపు అటు పడుతుంటుంది. కడప వైపు వెళ్లడానికి అభ్యంతరం లేనివాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రభుత్వ పథకాల పోస్టుల్లో జీతం ఎంతో ముందే తెలుస్తుంది, ఎప్పుడు వస్తుందో తెలియదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య కింద సోషల్ వర్కర్‌కు నెలకు 18,536 రూపాయలు, అవుట్‌రీచ్ వర్కర్‌కు 10,592 రూపాయలు ఇస్తారు. కాంట్రాక్టు మీద, విడి అలవెన్సులు లేకుండా ఒకే మొత్తంగా. కేంద్రం వాటా, రాష్ట్రం వాటా రెండూ విడుదలైతేనే జీతం. పథకం రూపం మారితే మనుషులూ మారతారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన 1098 చైల్డ్‌లైన్‌ను చాలాకాలం ఎన్జీవోలే నడిపాయి. 2023లో ప్రభుత్వాలు దాన్ని నేరుగా తీసుకున్నాయి. అప్పటిదాకా ఎన్జీవోల్లో ఆ పని చేసినవాళ్లు పోస్టులు పోగొట్టుకున్నారు, లేదా కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ల పనిలో లోపమేమీ లేదు.

నాలుగోది సొంత సంపాదన. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ చుట్టూ పెరిగిన సహకార సంఘాల్లాంటివి సరుకు అమ్మి, పొదుపు నడిపి కొంత జీతం తామే తెచ్చుకుంటాయి. ఇది నిలకడగా ఉంటుందని అనుకుంటాం కానీ, ఇక్కడే ఒక ఉచ్చు ఉంది: ఎఫ్‌పీఓ, అంటే రైతు ఉత్పత్తిదారుల సంస్థలో సీఈఓ పోస్టు. 2020లో కేంద్రం పెట్టిన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో సీఈఓ జీతానికి నెలకు 25,000 వరకు సాయం ఉంది, మూడేళ్లపాటు. పేరు చూస్తే సీఈఓ, జీతం పాతికవేలు, బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లలకు ఆశ పుడుతుంది. మూడేళ్ల తర్వాత ఆ జీతం ఎఫ్‌పీఓ వ్యాపారంలోంచే రావాలి. లెక్క చూడండి. ఏడాదికి మూడు లక్షలు. వేరుశనగ, కంది కొని అమ్మే సంఘానికి మిగతా ఖర్చులన్నీ పోను అమ్మకాల మీద 2 శాతం మిగులుతుందనుకుంటే, ఒక్క సీఈఓ జీతానికే కోటిన్నర టర్నోవర్ కావాలి. కాబట్టి పోయిన ఏడాది టర్నోవర్ ఎంత, సాయం ఇంకా ఎన్ని నెలలు ఉంది అని అడగండి. టర్నోవర్ ముప్పై లక్షలైతే ఆ సాయం అయిపోయే నెలే మీ చివరి నెల అనుకుని చేరండి.

రెండో అడుగు: ఇంట్లో కూర్చుని కాగితాలు చూడండి

ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఒక సాయంత్రం చాలు. మొదట ngodarpan.gov.in లో సంస్థ పేరు వెతకండి. రిజిస్ట్రేషన్ వివరాలు, కార్యవర్గం, కొన్నిసార్లు నిధుల వనరులు అక్కడ ఉంటాయి. కానీ అది సంస్థ తనంతట తాను నింపిన సమాచారం, దాన్ని ఎవరో తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్టుగా చూడొద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ స్థితికి fcraonline.nic.in చూడండి. విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను దాఖలు చేయాలి. మార్చిలో ముగిసిన సంవత్సరానికి గడువు డిసెంబర్ 31. ఆడిట్ లెక్కలు తన వెబ్‌సైట్‌లోనో, ప్రభుత్వం చెప్పిన వెబ్‌సైట్‌లోనో పెట్టాలి. సంస్థ వెబ్‌సైట్‌లో చివరి లెక్క మూడేళ్ల కిందటిది ఉంటే ఇంటర్వ్యూలో దాని గురించి అడగాల్సిందే.

ఆడిట్ లెక్క దొరికితే అన్నీ చదవక్కర్లేదు. రెండు చోట్ల చూస్తే చాలు. ఊహించి ఒక సంస్థ తీసుకుందాం. ఏడాది రాబడి 3 కోట్ల 20 లక్షలు. అందులో 2 కోట్ల 10 లక్షలు ఒకే కంపెనీ నుంచి, 60 లక్షలు విదేశీ, 30 లక్షలు ప్రభుత్వానివి, 20 లక్షలు స్థానిక విరాళాలు, వడ్డీ. ఒకే చేతి నుంచి 65 శాతం వస్తోంది. ఆ కంపెనీ ఊరు మారినా, దాని సీఎస్ఆర్ హెడ్ మారినా ఈ సంస్థలో సగానికి పైగా మనుషులు ఇంటికే. ఒకే దాత వాటా మూడో వంతు లోపు ఉంటే నేను ధైర్యంగా ఉంటాను, సగం దాటితే మాత్రం ఆ దాత గురించి కూడా వెతుకుతాను.

రెండోది బ్యాలెన్స్ షీట్. ఇదే సంస్థకు బ్యాంకులో 70 లక్షలు ఉన్నాయి. చూడగానే బాగుందనిపిస్తుంది. కానీ అప్పుల వైపు "ఖర్చుకాని గ్రాంటు" కింద 54 లక్షలు కనిపిస్తాయి. ఆ డబ్బు దాత చెప్పిన పనికే వాడాలి, లేదా వెనక్కివ్వాలి. సంస్థ తన ఇష్టంగా వాడుకోగలిగింది 16 లక్షలే. ఏడాది జీతాల ఖర్చు 96 లక్షలు, అంటే నెలకు 8 లక్షలు. దాతలు ఆగిపోతే సంస్థ రెండు నెలలు జీతాలివ్వగలదు. ఆరు నెలల జీతం చేతిలో ఉన్న సంస్థలు మన దగ్గర అరుదు. రెండు నెలలున్నా పర్వాలేదు, ఏమీ లేనివే ఎక్కువ.

ఇప్పుడు చాలామందికి తెలియని ఒక చోటు చెబుతాను. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో `Establishment Search` అని ఒక పేజీ ఉంటుంది. లాగిన్ అవసరం లేదు. సంస్థ పేరు కొట్టి, వివరాల్లో `View Payment Details` నొక్కితే ఏ నెల జీతానికి ఎంత పీఎఫ్ కట్టారో, ఎంతమందికి కట్టారో, ఏ తేదీన కట్టారో వరుసగా వస్తుంది. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15లోపు కట్టాలి. మూడు నాలుగు నెలలవి ఒకేసారి కట్టిన జాడ పదే పదే కనిపిస్తే అక్కడ జీతాలు కూడా అలాగే వస్తుంటాయని అనుమానించవచ్చు. ఉద్యోగుల సంఖ్య మార్చిలో 64 ఉండి ఏప్రిల్‌లో 31కి పడిపోతే, మళ్లీ ఆగస్టులో పెరిగితే, ఆ సంస్థ ప్రాజెక్టులతో పాటే మనుషుల్ని పంపేసి మళ్లీ తీసుకుంటుందన్నమాట. వార్షిక నివేదికలో నవ్వుతున్న ఫొటోల కింద ఈ సంగతి ఎవరూ రాయరు. పేరు దొరకలేదంటే రెండు అర్థాలు: ఇరవైమంది కన్నా తక్కువ ఉండి పీఎఫ్ పరిధిలోకి రాలేదు, లేదా అందరినీ "కన్సల్టెంట్లు"గా చూపిస్తున్నారు. రెండో రకమైతే జాగ్రత్త.

మూడో అడుగు: ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలు

"జీతం గురించి, ఫండ్ గురించి అడిగితే సేవాభావం లేదనుకుంటారేమో" అన్న భయం మనవాళ్లకు బాగా ఉంది. నా అనుభవంలో బాగా నడిచే సంస్థ డైరెక్టరుకు ఈ ప్రశ్నలు నచ్చుతాయి, ఎందుకంటే ఆయన రోజూ తలపట్టుకునేది వాటి గురించే. మాట మర్యాదగా ఉంటే చాలు:

"సార్, ఈ పోస్టు ఏ ప్రాజెక్టు బడ్జెట్‌లో ఉంది? ఆ ఒప్పందం ఏ నెల వరకు?"

"ప్రాజెక్టు ఇప్పుడు ఎన్నో ఏడాదిలో ఉంది సార్? రెన్యువల్ మాటలు మొదలయ్యాయా?"

"ఇంతకుముందు ప్రాజెక్టు ముగిసినప్పుడు స్టాఫ్‌లో ఎంతమందిని వేరే పనిలోకి తీసుకున్నారు?"

"పోయిన మూడు నెలల జీతాలు ఏ తేదీల్లో పడ్డాయి సార్?"

మొదటి ప్రశ్నకు ప్రాజెక్టు పేరు, నెల చెబితే మంచి జవాబు. "మన సంస్థలో అలా ప్రాజెక్టు, గీజెక్టు అని చూసుకోంలే అమ్మా, అందరం ఒక కుటుంబం" అంటే అది జవాబు కాదు. నవ్వుతూనే ఇంకోసారి అడగండి. రెండోసారి కూడా తప్పించుకుంటే ఒప్పందం దాదాపు అయిపోవచ్చిందని నేను అనుకుంటాను. మూడో ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. "పోయినసారి పద్నాలుగు మందిలో తొమ్మిదిమందిని ఉంచుకున్నాం, ఐదుగురిని ఉంచుకోలేకపోయాం, రెండు నెలల ముందే చెప్పాం" అనే సంస్థ, "అందరినీ చూసుకున్నాం" అనే సంస్థ కన్నా నమ్మదగ్గది. బయటికి వచ్చాక, ఆ పోస్టులో మీకు ముందు పనిచేసినవాళ్లు ఎవరో కనుక్కుని మాట్లాడండి. మన టౌనులో అది కష్టం కాదు, ఎవరో ఒకరి క్లాస్‌మేట్ అయ్యుంటారు.

నాలుగో అడుగు: ప్రకటనలో జీతం, చేతిలో జీతం

రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. సంఖ్యలు ఉదాహరణకే, కానీ మన వైపు ఫీల్డ్ పోస్టులకు దగ్గరగానే పెట్టాను.

మొదటిది కళ్యాణదుర్గం వైపు ఒక సీఎస్ఆర్ నీటి ప్రాజెక్టులో ఫీల్డ్ కోఆర్డినేటర్. నెలకు 25,000, కన్సల్టెంట్ ఒప్పందం. ప్రాజెక్టు చివరి ఏడాదిలో ఉంది, ఇంకా తొమ్మిది నెలలు. ప్రయాణ ఖర్చు జీతంలోనే కలిసి ఉంది. రెండోది ఒక పాత ట్రస్టులో అదే స్థాయి పోస్టు. 19,000 జీతం, అందులో బేసిక్ 15,000. పీఎఫ్ ఉంది, సంస్థ వాటా ఈ 19,000కు అదనం. బండికి కిలోమీటరుకు 3 రూపాయలు. ముగ్గురు దాతల డబ్బుతో నడిచే పని.

పాతికవేలు, పంతొమ్మిది వేలు. ఎవరైనా మొదటిదే తీసుకుంటారు. ఇప్పుడు ప్రయాణం లెక్క వేయండి. ఫీల్డ్ పనంటే రోజుకు అరవై కిలోమీటర్లు తిరగడం మామూలే. నెలకు ఇరవై రెండు రోజులు అనుకుంటే 1,320 కిలోమీటర్లు. బండి లీటరుకు 50 ఇస్తే 26.4 లీటర్లు, లీటరు 110 చొప్పున 2,904 రూపాయలు. టైర్లు, సర్వీసింగ్, ఆయిల్ కలిపి నెలకు ఇంకో వెయ్యీ యాభై పైచిలుకు. మన రోడ్ల మీద అది తక్కువ లెక్కే. మొత్తం దాదాపు 3,960. మొదటి పోస్టులో ఇది మీ జేబులోంచి పోతుంది, 21,040 మిగులుతుంది. పైగా కన్సల్టెంటు కాబట్టి 10 శాతం టీడీఎస్ కోస్తారు, అంటే నెలనెలా 2,500 తక్కువ పడుతుంది. రిటర్ను వేస్తే వెనక్కొస్తుంది కానీ వచ్చే ఏడాది. నెల గడిచేది 18,540తో.

రెండో పోస్టులో 1,320 కిలోమీటర్లకు 3 చొప్పున 3,960 సంస్థే ఇస్తుంది, బండి ఖర్చు అక్కడికక్కడికి సరి. పీఎఫ్ కింద మీ వాటా 1,800 పోను చేతికి 17,200. మీ వాటా, సంస్థ వాటా కలిపి 3,600 మీ పేరున పీఎఫ్, పెన్షన్ కింద జమవుతుంది. అంతా కలిపితే 20,800. పాతికవేలకూ పంతొమ్మిది వేలకూ ఉన్న ఆరు వేల తేడా 240 రూపాయలకు దిగిపోయింది.

ఇక నెలలు లెక్కపెట్టండి. మొదటి పోస్టులో తొమ్మిది నెలలకు 21,040 చొప్పున 1,89,360. ఆ తర్వాత ఇంకో ఉద్యోగం దొరకడానికి మూడు నెలలు పట్టిందనుకుంటే ఏడాది మీద నెలకు 15,780 పడుతుంది. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు, బండి మీద ఈఎంఐ ఉన్నవాళ్లు ఈ చివరి అంకెనే చూడాలి.

అయినా మొదటిదే తీసుకోవాల్సిన వాళ్లూ ఉంటారు. మీకు చెక్‌డ్యామ్‌ల కొలతలు, జీఐఎస్ మ్యాపింగ్ నేర్చుకునే అవకాశం అందులోనే ఉంటే, ఇంటి బాధ్యతలు ప్రస్తుతానికి తక్కువైతే, తొమ్మిది నెలల తర్వాత ఆ నైపుణ్యంతో ఇంకో వాటర్‌షెడ్ ప్రాజెక్టులో పైస్థాయిలో చేరొచ్చు. కాకపోతే చేరిన రోజే ఆరో నెల నుంచి వెతకాలని క్యాలెండర్లో రాసుకోండి. ఇంకో దారి, బేరమాడటం. ప్రాజెక్టు బడ్జెట్‌లో జీతం గీత దాత దగ్గర ఖరారై ఉంటుంది కాబట్టి పాతికవేలను ఇరవై ఎనిమిది చేయమంటే డైరెక్టరు చేతిలో ఉండదు. ప్రయాణం గీత వేరేగా ఉంటుంది, అందులో చాలాసార్లు మిగులు ఉంటుంది. "జీతం అంతే ఉండనీయండి సార్, కిలోమీటరుకు ఇంత ఇవ్వగలరా" అని అడిగితే పని అవుతుంది.

జీతం విషయంలో ఇంకొకటి. "సీటీసీ 22,000" అంటే సంస్థ పీఎఫ్ వాటా, ఇన్సూరెన్సు, కొన్నిచోట్ల ఫోన్ రీచార్జి కూడా దాంట్లోనే ఉంటాయి. చేతికి ఎంత అని ఒక్క మాట అడిగితే గందరగోళం తీరుతుంది. ఇక జీతంలోంచి సంస్థకు "విరాళం"గా కొంత తిరిగి ఇవ్వాలని ఎవరైనా మెల్లగా చెబితే అక్కడితో లేచి వచ్చేయండి. ఆ డబ్బు లెక్కల్లో మీ జీతంగానే కనిపిస్తుంది, రేపు సంతకం పెట్టినవాడిగా మీరే జవాబు చెప్పాలి.

ఐదో అడుగు: ఆశయం మాటల్లో కాదు, మంగళవారం మధ్యాహ్నం చూడాలి

వెబ్‌సైట్‌లో ప్రతి సంస్థా పేదల కోసమే పనిచేస్తుంది. అందుకని మిషన్ స్టేట్‌మెంట్ చదివి మనసుకు నచ్చిందా అని చూడటం వల్ల లాభం లేదు. దానికి బదులు ఐదేళ్ల వార్షిక నివేదికల్లో ప్రాజెక్టుల పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. ఒక సంస్థ పేర్లు ఇలా ఉన్నాయనుకోండి: వాటర్‌షెడ్, తర్వాత చిరుధాన్యాలు, తర్వాత భూగర్భ జలాల కొలత. విషయం మారుతున్నట్టున్నా దారం ఒకటే, కరువు నేలలో రైతు. ఇంకో సంస్థవి ఇలా ఉన్నాయి: వాటర్‌షెడ్, డిజిటల్ లిటరసీ, కుట్టు మిషన్లు, స్మార్ట్ క్లాస్‌రూమ్‌లు. ఏ ఏడాది కంపెనీలు దేనికి డబ్బిస్తే అది చేశారు. రెండో దాంట్లో చేరితే తప్పని కాదు. కానీ మీరు నీటి పని కోసం చేరితే రెండేళ్లకు ట్యాబ్లెట్లు పంచుతూ ఉండొచ్చు.

తర్వాత, చేరకముందే ఒక రోజు ఫీల్డుకు తీసుకెళ్లమని అడగండి. మామూలు పనిరోజు కావాలి, దాతలు వచ్చే రోజు కాదు. ఆ రోజు ఫీల్డ్ స్టాఫ్ సమయం దేనికి పోతోందో గమనించండి. ఊళ్లో మనుషులతో కూర్చోవడానికా, ఫొటోలు తీసి లొకేషన్‌తో సహా యాప్‌లో ఎక్కించడానికా? రెండోది లేని ప్రాజెక్టు ఈ రోజుల్లో లేదు, కాబట్టి నిష్పత్తి చూడాలి. హాజరు పట్టికలో సంతకాలు మీటింగు తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టిస్తుంటే, ఆ పని రేపు మీది.

ఊళ్లో ఒకరిద్దరితో విడిగా మాట్లాడండి. "ఈ సంస్థవాళ్లు ఏం చేస్తారమ్మా?" అని అడిగితే "ఆ లోన్లు ఇచ్చేవాళ్లు కదప్పా" అంటే ఒక సంగతి. స్టాఫ్ పేరు చెప్పి, "పోయినేడు మా బోరు ఎండినప్పుడు వచ్చి కూర్చున్నాడు" అంటే ఇంకో సంగతి. కర్నూలు పడమటి మండలాల్లో, ఆదోని, ఆలూరు వైపు, సీజన్లో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. అక్కడ పిల్లల చదువు మీద పనిచేస్తున్నామనే సంస్థను ఒక్క ప్రశ్న అడగండి: వలస నెలల్లో మీ కేంద్రాల్లో పిల్లలు ఎంతమంది? ఆ నెలల హాజరు కూడా మిగతా నెలల్లాగే తొంభై శాతం చూపిస్తున్నారంటే లెక్కల్లోనో ఆశయంలోనో తేడా ఉంది.

ఆడపిల్లలు ఇంకొన్ని చూసుకోవాలి. సాయంత్రం మీటింగులు ఎన్నింటికి ముగుస్తాయి, తిరిగి రావడానికి బండి ఎవరు ఏర్పాటు చేస్తారు, పదిమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ చట్టప్రకారం ఉండాలి కాబట్టి అందులో సభ్యులెవరు. బాల్యవివాహాల మీద పనిచేసే సంస్థ ఆఫీసులో ఆ కమిటీ పేర్లు గోడ మీద లేకపోతే నేనైతే ఆలోచిస్తాను.

ఆరో అడుగు: ఎక్కడ వెతకాలి, ఎప్పుడు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెద్ద సంస్థలు, బయటినుంచి వచ్చే ప్రాజెక్టులు డెవ్‌నెట్ జాబ్స్, లింక్డ్‌ఇన్‌లలో వేస్తాయి. ప్రభుత్వ పథకాల పోస్టులు జిల్లా వెబ్‌సైట్ నోటిఫికేషన్లలో, దినపత్రికల జిల్లా పేజీల్లో వస్తాయి. స్థానిక సంస్థల పోస్టులు సగం ఎక్కడా రావు. ఫీల్డ్ స్టాఫ్ నోటిమాట మీదే నిండిపోతాయి. అందుకే ఇప్పటికే పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురితో పరిచయం పెంచుకోండి. మార్చి చివర, ఏప్రిల్‌లో మనుషులు బయటికి వస్తుంటారు కాబట్టి అప్పుడు పోటీ ఎక్కువ. కొత్త ఒప్పందాలు కుదిరాక, వానాకాలం మొదలయ్యే నెలల్లో పోస్టులు పడతాయి. దరఖాస్తు ఫీజు, శిక్షణ డిపాజిట్ అడిగే "ఎన్జీవో" ప్రకటనలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, వాటిని తాకొద్దు.

చివరగా, ఆఫర్ లెటర్

నోటితో చెప్పినవన్నీ కాగితం మీదికి రావాలి. ఒప్పందం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఉద్యోగా కన్సల్టెంటా, బేసిక్ ఎంత, పీఎఫ్ ఉందా, ప్రయాణానికి కిలోమీటరుకు ఎంత, ఏ ఊరు హెడ్‌క్వార్టర్, నోటీసు ఎన్ని రోజులు. నోటీసు రెండు వైపులా ఒకటే ఉండాలి. మీరు రెండు నెలల ముందు చెప్పాలి, వాళ్లు మాత్రం "ఫండ్ ఆగితే వెంటనే" అని రాస్తే, దాన్ని కనీసం ముప్పై రోజులు చేయమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి అలా ఉండిపోయింది. డిగ్రీ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వొద్దు, జిరాక్స్‌లు చాలు. సంతకం పెట్టాక మొదటి నెల జీతానికి పీఎఫ్ కట్టే గడువు, అంటే తర్వాతి నెల 15, దాటాక ఈపీఎఫ్ఓ పాస్‌బుక్‌లో మీ పేరున జమ అయిందో లేదో చూసుకోండి. రెండో నెల కూడా పడకపోతే అకౌంట్స్‌లో అడగండి. మూడో నెల దాకా ఆగొద్దు.